బాసరకు చంటిపిల్లలతో: ఎవరు చెప్పినా వినకూడని సలహాలు

మూడేళ్ల పిల్లకు అక్షరాభ్యాసం చేయించాలని బెల్లంపల్లిలో ఏ ఇంట్లో అనుకున్నా, ముందు వచ్చేది ముహూర్తం గురించిన మాట. ఆ తర్వాత వచ్చేవన్నీ ప్రయాణం గురించిన సలహాలు. చుట్టాలు చెబుతారు, పక్క క్వార్టర్ వాళ్లు చెబుతారు, కిరాయికి మాట్లాడిన కారు డ్రైవర్ కూడా చెబుతాడు. ప్రేమతోనే చెబుతారు. కానీ వాటిలో చాలావరకు పెద్దవాళ్ల ఒంటికి సరిపోయేవే తప్ప ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల ఒంటికి సరిపోయేవి కావు. బెల్లంపల్లి నుంచి బాసరకు, దారిలో నిర్మల్ మీదుగా, ఇద్దరు చిన్నపిల్లలను తీసుకుని పోయి రావాలంటే ఏ మాటలు పక్కన పెట్టాలో, వాటి బదులు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

"పొద్దుగాల నాలుగింటికి ఎళ్తే రాత్రి పదింటికల్ల ఇంట్ల ఉంటం"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. దీనికి ఇంకో తోక కూడా ఉంటుంది: "పోయేటప్పుడు కుంటాల, పొచ్చెర కూడ సూస్కోవచ్చు, పిల్లలు కార్లనే పండుకుంటరు."

లెక్క వేసి చూద్దాం. బెల్లంపల్లి నుంచి మంచిర్యాల, లక్షెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగా నిర్మల్‌కు 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది. జన్నారం దాటాక కవ్వాల్ అడవి దారి, మలుపులూ ఊళ్లూ స్పీడ్ బ్రేకర్లూ. చిన్నపిల్లలున్న కారుకు మూడు, మూడున్నర గంటలు పడుతుంది. నిర్మల్ నుంచి భైంసా మీదుగా బాసరకు మరో 70 కిలోమీటర్లు. పోనూ రానూ కలిపితే 440 అవుతుంది. కుంటాల నిర్మల్‌కు ఇవతల కాదు, ఆదిలాబాద్ వైపు నేరడిగొండ దగ్గర ఉంది. అంటే అది దారిలో ఉన్నది కాదు, దారి తప్పి పోయి రావాల్సింది. అది కూడా కలిపితే ఆ ఒక్క రోజులో కారులోనే పది, పదకొండు గంటలు గడుస్తాయి.

ఇప్పుడు పిల్ల వైపు నుంచి చూడండి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని, మూడు, నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగటి నిద్ర కూడా ఇందులోదే. ఏడాదిన్నర పిల్లడు రాత్రి ఎనిమిదిన్నరకు పడుకుని పొద్దున ఆరున్నరకు లేచి, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే పన్నెండు గంటలు. ఇది అతనికి సరిపడే రోజు. అదే పిల్లడిని మూడున్నరకు లేపి కారులో వేస్తే ఏమవుతుంది? రాత్రి నిద్రలో మూడు గంటలు పోతాయి. కారులో మళ్లీ కునుకు తీస్తాడు, కానీ అది జన్నారంలో టీ కోసం ఆగగానే తెగిపోతుంది. మధ్యాహ్నం నిద్ర వేళకు గుడి లైనులో బాపు భుజం మీద ఉంటాడు. రాత్రి పదింటికి ఇల్లు చేరేసరికి ఆ రోజంతా ముక్కలు ముక్కలుగా ఏడెనిమిది గంటలు పడుకుని ఉంటాడు.

కారు నిద్ర కూడా నిద్రే. కానీ చక్రాలు కదిలినంతసేపే అది నిలుస్తుంది. నలభై నిమిషాల తర్వాత కారు ఆగి మెలకువ వస్తే, మిగిలిన నిద్ర మళ్లీ పట్టదు. సగం నిద్రతో లేచిన పిల్ల ఆకలిగా ఉందో, దాహంగా ఉందో, ఉక్కపోస్తుందో తనకే తెలియక ఏడుస్తుంది. దాన్నే పెద్దవాళ్లు మొండితనం అంటారు.

నిద్ర వేళ దగ్గర పడిందని గుర్తు పట్టడం కష్టం కాదు. కళ్లు నలుముకోవడం, చెవి లాక్కోవడం, బొమ్మ చేతిలో ఉండగానే ఎటో చూస్తూ ఉండిపోవడం మొదటి గుర్తులు. అప్పుడే పడుకోబెట్టాలి. అది దాటి అరగంట పోనిస్తే పిల్ల ఒక్కసారిగా హుషారు అవుతుంది, గెంతుతుంది, కారణం లేకుండా నవ్వుతుంది. "సూడు, అస్సలు నిద్ర వస్తలేదు దీనికి" అని చుట్టాలు మురిసిపోయేది అప్పుడే. నిజానికి అది అలసిపోయిన ఒంటి వేగం. కాసేపటికి అదే పిల్ల ఎత్తుకున్నా దించినా ఏడుస్తుంది, అన్నం ముద్ద విసిరి కొడుతుంది. ఆ స్థితికి వచ్చాక నిద్రపుచ్చడానికి మామూలు కంటే రెట్టింపు సమయం పడుతుంది. పలక మీద "ఓం" రాయించే వేళకు మీ పిల్ల ఆ స్థితిలో ఉండకూడదు.

అందుకే ప్రయాణం ముహూర్తం చుట్టూ కాదు, మధ్యాహ్నం నిద్ర చుట్టూ అల్లుకోవాలి. ఏడాదిన్నర దగ్గరికి వచ్చేసరికి చాలామంది పిల్లలు పగలు రెండు నిద్రల నుంచి ఒక నిద్రకు వస్తారు. ఆ ఒక్క నిద్ర మధ్యాహ్నం పన్నెండున్నరకు పడుతుంది అనుకుందాం. ప్రయాణానికి వారం ముందు ఇంట్లో రెండు మూడు రోజులు గడియారం చూసి మీ పిల్ల వేళ ఏదో రాసి పెట్టుకోండి. ఇద్దరు పిల్లలుంటే చిన్నవాడి వేళనే పట్టుకోవాలి. పెద్దది పడుకోకపోయినా పక్కన పడుకుని కథ వింటుంది. ప్రయాణంలో ఆ వేళను ముప్పావు గంట అటూ ఇటూ జరపొచ్చు. రెండు గంటలు జరిపితే మాత్రం ఆ రోజు చేయి జారినట్టే. ఎందుకంటే సాయంత్రం నాలుగున్నరకు పడుకున్న పిల్ల రాత్రి పదకొండు దాకా లేచే ఉంటుంది, మరుసటి పొద్దు కూడా పాడవుతుంది.

ఈ కొలతతో బాసర రెండు రాత్రుల ప్రయాణం అవుతుంది. మొదటి రోజు పిల్లలు వాళ్లంతట వాళ్లు లేచాక, ఇడ్లీ తినిపించి ఏడింటికి బయలుదేరండి. తొమ్మిదింటికల్లా జన్నారం దగ్గర ఆగి పిల్లలను నేల మీద నడవనివ్వండి, అరగంటైనా. పదకొండు, పదకొండున్నరకు నిర్మల్. అక్కడ ముందే మాట్లాడి పెట్టుకున్న గదిలో అన్నం, పన్నెండున్నరకు నిద్ర. సాయంత్రం నిర్మల్ బొమ్మలు చూపించండి. తేలికైన పొనికి కర్రతో చెక్కి రంగులు వేసే ఆ పండ్లు, పక్షులు, బొమ్మలు చూస్తే మూడేళ్ల పిల్లకు పండుగే. అయితే అవి అలంకారానికి చేసిన బొమ్మలు. ప్రతిదీ నోట్లో పెట్టుకునే ఏడాదిన్నర పిల్లడి చేతికి మాత్రం ఇవ్వొద్దు.

రెండో రోజు పొద్దున ఏడింటికి నిర్మల్ వదిలితే ఎనిమిదిన్నరకు, కాస్త అటూ ఇటూగా బాసర. అక్షరాభ్యాసం, దర్శనం ముగించుకుని పదకొండుకు గుడి బయటకు వచ్చేయాలి. దేవస్థానం గదో లాడ్జీ గదో ముందు రోజే పక్కా చేసుకుని ఉంటే, అన్నం తిని పిల్లలు చల్లగా పడుకుంటారు. ఆ రెండు గంటలు పెద్దవాళ్లవి. పిల్లల దగ్గర ఒకరు ఉండి, మిగిలినవాళ్లు వ్యాస మహర్షి గుడికి పోయి రావొచ్చు. సాయంత్రం ఎండ తగ్గాక అందరూ గోదావరి గట్టుకు. మూడో రోజు పొద్దున ఏడున్నరకు తిరుగు ప్రయాణం మొదలుపెడితే పదకొండున్నరకు ఖానాపూర్ వైపు ఎక్కడైనా అన్నం, ఆ తర్వాతి దారి కారు నిద్రకు. కారు నిద్రను ఎక్కడైనా వాడుకోవాలంటే ఇక్కడే, చివరి దారిలో. సరిగా పట్టకపోయినా మిగిలింది ఇల్లే కాబట్టి పోయేదేమీ లేదు.

కుంటాల ఈ లెక్కలో లేదు, ఉండకూడదు కూడా. జలపాతం కిందికి వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. చంకలో పిల్లను ఎత్తుకుని, తడిసిన రాళ్ల మీద కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడకుండా దిగడం మంచిది కాదు. కింద గుండంలో ఈత తెలిసిన పెద్దవాళ్లే మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక, వాన వెలిసిన కాలంలో అదొక్కటే పనిగా పెట్టుకుని పోండి.

కారు నిద్ర మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. గుడి ముందు కారు ఆగాక "పండుకున్నడు, లేపకు, కార్లనే ఉండనీ, అద్దం జర దించి పోదాం" అంటారు. ఎంత దగ్గరి పనైనా ఆ మాట వినకండి. ఎండలో ఆపిన కారు లోపల పది, ఇరవై నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. అద్దం రెండు వేళ్లు దించితే ఆ వేడి తగ్గదు. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు చాలా వేగంగా కాగిపోతుంది. పిల్ల పడుకుని ఉంటే ఒక పెద్దమనిషి తలుపులు తెరిచి నీడలో పక్కనే కూర్చోవాలి. కూర్చునే మనిషి లేకపోతే పిల్లను లేపి ఎత్తుకోవాల్సిందే.

"ఒక చెంచ దగ్గు మందు పోస్తే దారంత పండుకుంటది"

దీన్ని చాలా మెల్లగా, చెవిలో చెప్పినట్టు చెబుతారు. మెడికల్ షాపులో అడిగితే కూడా ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. జలుబు మందుల్లో నిద్ర తెప్పించే గుణం ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ అది మందు చేసే మేలు కాదు, దాని పక్క ప్రభావం. పసిపిల్లల్లో అదే మత్తు ఊపిరిని నెమ్మది చేయగలదు. మత్తులో ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కొందరు పిల్లల్లో ఇది తిరగబడి నిద్రకు బదులు చికాకు, గింజులాట మొదలవుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు మందు సరిపోలేదనుకుని ఇంకో చెంచా పోస్తారు.

జలుబు సిరప్‌లలో ఎక్కువగా కలిపే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ జంట మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని, ఆ హెచ్చరిక సీసా మీద అచ్చు వేయాలని దేశ ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబర్‌లో ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ అయిన దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది. నిజంగా జలుబు చేసి ఉంటే డాక్టర్‌కు చూపించి, ఆయన రాసినదే ఇవ్వండి. నిద్ర కోసం అయితే ఏ మందూ వద్దు. ఇంట్లో కప్పుకునే దుప్పటి, అవ్వ పాత చీర ముక్క, రోజూ పాడే పాట, గదిలో కర్టెన్ వేసి చేసుకున్న చీకటి, ఇవే లాడ్జీ గదిలో పని చేస్తాయి. ఇంట్లో ఏ వరుసలో చేస్తారో అక్కడా అదే వరుసలో చేయాలి: ముఖం కడగడం, పాలు, పాట, దీపం ఆర్పడం. గోడలు మారినా ఆ వరుస మారకపోతే పిల్లకు నిద్ర వేళ అని తెలిసిపోతుంది.

"దారి పొంటి హోటల్లే, తిండికి ఏం తక్కువ"

హోటళ్లు ఉన్నాయి. కానీ పిల్ల ఆకలి హోటల్ దాకా ఆగదు. హోటల్ తిండిలో కారం, నూనె సంగతి అటుంచి, అసలు చిక్కు నీళ్లది, చల్లారిన తిండిది. ఆవిరి వస్తున్న ఇడ్లీ ఎక్కడ తిన్నా పెద్దగా భయం లేదు. దాని పక్కన పోసిన చట్నీలోనే పచ్చి నీళ్లు ఉంటాయి. పిల్లలకు ఇడ్లీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న నెయ్యో, ఇంత పప్పో వేసి పెట్టండి. చట్నీ వద్దు. వేడిగా మన ముందే దించినదీ, తొక్క మనమే తీసి పెట్టేదీ తప్ప బయట ఇంకేదీ పెట్టకపోతే సగం జబ్బులు దగ్గరికి రావు.

దారి తిండికి మన ఇళ్లలో ఒక మంచి వస్తువు ఉండి కూడా ఎవరూ సంచిలో వేసుకోరు. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోలు ఇచ్చే బాలామృతం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పొడి అది. తడి తగలకుండా ఉంటే దారిలో చెడిపోదు. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు ఉంటే చాలు, గిన్నెలో పొడి వేసి కొంచెం కొంచెంగా వేడి నీళ్లు పోస్తూ ఉండలు లేకుండా కలిపితే ఐదు నిమిషాల్లో జావ. పిల్లకు అలవాటున్న చిక్కదనంలోనే కలపాలి. తినేటంతే కలపాలి, మిగిలితే పారేయాలి. దానికి తోడు పెంకు తీయని ఉడికిన గుడ్లు, అరటిపండ్లు, వేయించిన అటుకులు ఉంటే మధ్యాహ్నం అన్నం దాకా ఇబ్బంది లేదు. ఇంటి నుంచి పప్పన్నమో పెరుగన్నమో కట్టుకుంటే చలికాలంలో కూడా మొదటి ఆగే చోటే తినిపించేయాలి, మధ్యాహ్నానికి దాచకూడదు. పాలు సీసాలో పోసుకుని గంటల తరబడి తిప్పడం అన్నిటికంటే చెడ్డది. గోరువెచ్చని పాలలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి.

పల్లీలు, పుట్నాలు, పల్లీ పట్టీ, గట్టి సకినం ముక్కలు నాలుగైదేళ్ల లోపు పిల్లల చేతికి కారులో ఇవ్వొద్దు. గింజ నున్నగా, గట్టిగా ఉంటుంది, కుదుపుకు నేరుగా గొంతు దాటి ఊపిరి గొట్టంలోకి పోతుంది. ద్రాక్ష పండ్లైతే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఇంకా సరిగా చెప్పాలంటే కదిలే కారులో ఏదీ తినిపించకపోవడమే మంచిది. ముందు కూర్చున్న అమ్మకు వెనక పిల్ల ఉక్కిరిబిక్కిరి అవుతున్న సంగతి శబ్దం లేకపోతే తెలియదు, నిజంగా గొంతుకు అడ్డం పడితే శబ్దం రాదు.

"కడుపునిండ తినిపిచ్చి ఎక్కియ్యి, మంచిగ పంటది" అనేది ఇంకో మాట. రెండేళ్ల లోపు పిల్లలకు కారు కుదుపుకు వాంతులు రావడం తక్కువ. ఆ తర్వాత నుంచి మొదలవుతుంది. కాబట్టి ఆ మూడేళ్ల పెద్దదానికే జాగ్రత్త కావాలి. బయలుదేరే ముందు సగం కడుపుకు తినిపించి, గంటన్నరకోసారి ఆపి కొంచెం కొంచెం పెట్టండి. ఫోన్ చేతికిచ్చి తల వంచి చూడనిస్తే మలుపుల దారిలో వాంతి ఖాయం. తల ఎత్తి బయట గేదెలనూ కొంగలనూ చూడనివ్వాలి.

విరేచనాలు పట్టుకుంటే మాత్రం సంచిలో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ ఉండాలి, మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నదే. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం పొడి సగం నీళ్లు అని అందాజా వేయొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పై వయసు వాళ్లకు 100 నుంచి 200, చెంచాతో మెల్లగా. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. కిరాణా షాపుల్లో డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు దీనికి బదులు కావు, వాటిలోని చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, ఫార్ములా పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. పాత సరుకు చూసి మోసపోకండి. పిల్ల ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా ప్రయాణం అక్కడితో ఆపి నిర్మల్‌లోనో భైంసాలోనో ఆసుపత్రికి పోవాలి.

"మంచి బండి ఒకటి కొనుర్రి, పిల్లను ఎత్తుకునే బాధ ఉండది"

తోసుకునే ఆ బండి, ప్రామ్ అంటారు కొందరు, హైదరాబాద్ జూ పార్కు లాంటి చోట నిజంగా ఉపయోగమే. నున్నటి రోడ్లు, చెట్ల నీడ, మైళ్ల నడక. బాసరలో దానికి పని లేదు. గుడి లైనులో కంచెల మధ్య అది పట్టదు, మెట్ల దగ్గర ఇద్దరు మోయాలి, చెప్పులు విడిచే చోట దాన్ని వదిలితే తిరిగొచ్చేదాకా మనసు దాని మీదే. కారు డిక్కీలో సగం చోటు తినేసి, దుప్పట్లూ ఫ్లాస్కూ ఒళ్లో పెట్టుకునేలా చేస్తుంది. గుడి దగ్గర ఏడాదిన్నర పిల్లడికి అమ్మ నడుమూ బాపు భుజమే బండి. భుజాలకు పట్టీలతో కట్టుకునే జోలె ఒకటి ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. కట్టుకున్నాక పిల్ల గడ్డం ఛాతీకి ఆనుకోకుండా, ముఖం మీకు కనపడేలా ఉందో లేదో చూసుకోవాలి. ఎవరైనా బండి వాడినా, ఎండ పడుతుందని దాని మీద చున్నీ కప్పేస్తారు. అది వద్దు. గాలి ఆడక లోపల బయటికంటే వేడెక్కుతుంది. గొడుగు పట్టండి, లేదా నీడకు జరపండి.

ఆ బండికి పెట్టే డబ్బు కారులో పిల్లలకు కట్టే సీటుకు పెట్టమని నా గట్టి మాట. మన దగ్గర ప్రామ్ కొన్న ఇళ్లు బోలెడు, కారు సీటు కొన్నవి చాలా తక్కువ. కిరాయి కారులో ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పిల్లడు ఏడవడు, బయటకు కనపడుతుంది కదా. కానీ గట్టి బ్రేకు పడితే ఒళ్లోని పిల్లను ఏ తల్లి చేతులూ ఆపలేవు. ముందు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ మొదట తగిలేది పిల్లకే. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. సీటు వెనక వరుసలోనే పెట్టాలి. చిన్నవాడి సీటు వీలైనంత కాలం వెనక్కి తిరిగి ఉండాలి. కారు మాట్లాడేటప్పుడే వెనక సీట్ల బెల్టులు పని చేస్తున్నాయా, సీటు కవర్ల కింద దాగిపోయాయా అని డ్రైవర్‌ను అడగండి. చాలా కార్లలో అవి కవర్ల కిందే ఉంటాయి.

"ఎండకాలం సెలవుల్ల పోదాం, అందరికి కలిసొస్తది"

పెద్ద పిల్లలకు బడి సెలవులు. మూడేళ్ల పిల్లకు, ఏడాదిన్నర వాడికి ఏ బడీ లేదు. మే నెలలో మన వైపు 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ ఎండలో బాసర లైను పెద్దవాళ్లకే కష్టం. దసరా రద్దీ తగ్గినప్పటి నుంచి సంక్రాంతి లోపు ఏదో ఒక మామూలు వారం మధ్యలో, మంగళ, బుధవారాల్లో పోతే చల్లగానూ ఉంటుంది, ఖాళీగానూ ఉంటుంది. అక్షరాభ్యాసానికి వసంత పంచమి, శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు గొప్పవని అందరూ ఆ రోజులకే పోతారు. ఆ రెండు రోజులూ చంటిపిల్లలతో పోవద్దు. బాసరలో అక్షరాభ్యాసం మామూలు రోజుల్లోనూ జరుగుతుంది. డిసెంబర్, జనవరిలో పోతే మాత్రం ఆదిలాబాద్ చలి మీకు తెలిసిందే కాబట్టి తెల్లవారుజామున బయలుదేరొద్దు.

"అడ్వాన్స్ ఇచ్చినం, అన్ని సూసే రావాలె"

పిల్లలతో ప్రయాణంలో ఇంట్లో గొడవలు పడేది ఎక్కువగా ఈ మాట దగ్గరే. కారుకు మూడు రోజుల కిరాయి కట్టాం, గదికి డబ్బులు కట్టాం, అత్తమ్మకు ఒక మొక్కు ఉంది, మామయ్యకు కడెం ప్రాజెక్టు చూడాలని ఉంది. అందరి కోరికలూ న్యాయమైనవే. దీనికి విరుగుడు బయలుదేరే ముందు రాత్రి ఇంట్లోనే చేయాలి. చూడాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది పోతే ఎవరికీ బాధ లేదో దాన్ని అట్టడుగున పెట్టండి, ఏది తప్పకుండా జరగాలో దాన్ని పైన. మన లెక్కలో పైన ఉండేది అక్షరాభ్యాసం ఒక్కటే. ఆలస్యమైతే కింది నుంచి కొట్టేస్తూ రావాలి. ఏది వదలాలో రోడ్డు మీద, పిల్లలు ఏడుస్తుండగా ఆలోచించడం ఎవరి వల్లా కాదు.

ఉదాహరణకు మొదటి రోజు పెద్దది జన్నారం దాటాక వాంతి చేసుకుని, నిర్మల్ చేరేసరికి పన్నెండున్నర అయిందనుకోండి. అన్నం వేళా నిద్ర వేళా కలిసిపోయాయి. అప్పుడు అన్నం కోసం హోటల్లో కూర్చోవద్దు. గదికే నేరుగా పోయి జావ కలిపి పట్టించి పడుకోబెట్టండి. ఒకరు పార్సిల్ తెస్తారు. చిన్నవాడు రెండున్నర బదులు మూడుంపావుకు లేస్తాడు. బొమ్మల షాపు సాయంత్రం ఆరు దాకా జరుగుతుంది, లేదా ఆ రోజుకు కొట్టేసినట్టే. రాత్రి పడక వేళ మాత్రం జరపకూడదు. అది నిలిస్తే రెండో రోజు పొద్దున బాసర ప్రయాణం అనుకున్నట్టే జరుగుతుంది. రెండు కొయ్యలు గట్టిగా పాతుకుని, మధ్యలో తాడు వదులుగా ఉంచినట్టు: మధ్యాహ్నం నిద్ర, రాత్రి పడక కదలవు, మిగిలినవన్నీ కదులుతాయి.

పిల్లలు పడుకున్నప్పుడు గదిలో ఉండే మనిషి ఎప్పుడూ పిల్లల తల్లే కావాలని లేదు. మొదటి మధ్యాహ్నం బాపు, రెండో మధ్యాహ్నం తాత ఉంటే, ఆమె కూడా ఒకసారి బయటకు పోయి వస్తుంది. ముందే పంచుకోకపోతే ఆ పని ఆమె మీదే పడుతుంది.

"సోమవారం పొద్దున ఫస్ట్ షిఫ్ట్ ఉంది, ఆదివారం రాత్రికి చేరుకుంటే చాలు"

చాలదు. మందమర్రికో శ్రీరాంపూర్‌కో డ్యూటీకి పోయే మనిషి తెల్లవారకముందే లేవాలి. మూడు రోజులు తెలియని గదుల్లో పడుకున్న పిల్లలు ఇంటికి వచ్చిన మొదటి రాత్రి ఒకటి రెండుసార్లు లేచి ఏడవడం మామూలే. వారం మధ్యలో పోవడం వీలుకాక, సోమవారం నాగా పెట్టడం ఇష్టం లేకపోతే తిరుగు ప్రయాణం శనివారానికి పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలను వాళ్ల మంచం మీద, వాళ్ల దుప్పటిలో పడుకోబెట్టండి. బట్టలు ఉతకడం, ఫ్లాస్కు వేడి నీళ్లతో కడిగి బోర్లించడం, మిగిలిన బాలామృతం పొడి మూత బిగించి పెట్టడం ఆ రెండు గంటల్లో అయిపోతాయి. పాల సీసా వాడి ఉంటే దాని రబ్బరు పీక పారేసి కొత్తది తీయండి.